నైట్ తర్వాత వచ్చే మార్నింగ్

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న సిస్టర్లందరికీ నమస్కారం. నర్సుల దినోత్సవం కదా, సేవాభావం గురించి మాట్లాడమన్నారు. అది మీకు నేను చెప్పక్కర్లేదు. నేను డ్యూటీ చార్టు గురించి మాట్లాడతాను.

నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో సెలవులకు బ్రాడ్‌ఫర్డ్ స్కోరు పెట్టారు. ఏడాదిలో ఎన్నిసార్లు మానేశారో ఆ అంకెను దాంతోనే హెచ్చవేసి, మొత్తం రోజులతో మళ్లీ హెచ్చవేస్తారు. డెంగీతో ఒకే విడతగా పన్నెండు రోజులు మంచం పట్టినవారికి 12 వస్తుంది. ఆరుసార్లు ఒక్కో రోజు రానివారికి 6 × 6 × 6, అంటే 216. మానేసింది సగం రోజులే, స్కోరు మాత్రం పద్దెనిమిది రెట్లు.

దాని వెనక కారణం లేకపోలేదు. పన్నెండు రోజుల సెలవుకి మనిషిని సర్దుకుంటాం. పొద్దున్న ఆరింటికి 'రాలేను మేడమ్' అని ఫోనొస్తే ఏం చేస్తాం? నైట్ చేసి ఇంటికి బయల్దేరుతున్న పిల్లనే ఆపేస్తాం. మీలో చార్టు రాసేవాళ్లకి ఆ టెన్షన్ తెలుసు.

కానీ ఆ స్కోర్లను పేర్లతో సహా నోటీసు బోర్డుకి అంటించారు, ఎక్కువ వచ్చినవాళ్లకి ఎర్ర గీత. ఆ గీత పడిన సిస్టరుది ఉద్దానం. భర్తకి డయాలసిస్. తోడు వెళ్లే మరిది ఊళ్లో లేనప్పుడల్లా ఆమె మానేసేది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి ఈ జిల్లాలో తెలియనిదెవరికి? డయాలసిస్ రోజులు ముందే తెలుస్తాయి. ఆ రోజుల్లో ఈవినింగ్ వేస్తే ఆమె వచ్చేది. ఆ మాట ఆమెను ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా నలుగురిలో చెప్పుకోలేక తల దించుకుని తిరిగింది. నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఆ కాగితం అంటించాక ఇంకొకటి జరిగింది. ఇప్పటికి రెండుసార్లు ఒక్కో రోజు మానేసిన పిల్లకి స్కోరు 8. మూడోసారి ఒక్కరోజు మానేస్తే 27 అవుతుంది. అదే రెండోసారే ఇంకో రోజు పొడిగించి ఉంటే 12తో పోయేది. మొత్తం రోజులు రెండింట్లోనూ మూడే. ఇది గ్రహించాక, తలనొప్పి తగ్గినా రెండో రోజు రావడం మానేశారు. డ్యూటీకి వచ్చాక మర్నాడు మళ్లీ తలనొప్పి వస్తే కొత్త విడత లెక్కవుతుందని భయం మరి.

ఇంకో సంగతి. వార్డులో పన్నెండు మంది ఉన్నారు, సగటున ఏడాదికి మనిషికి మూడు విడతలు పడతాయి అనుకోండి. అందరూ ఒకేలాంటివాళ్లయినా, ఉత్తి యాదృచ్ఛికంగానే వాళ్లలో సుమారు ఒకరికి ఆరో, అంతకన్నా ఎక్కువో పడతాయి. ఆ ఒక్కరిని పట్టుకుని మెమో ఇస్తే ఎలా అమ్మా?

మరి కొలవొద్దా? కొలవాలి. పేర్లు మూసేసి, ఖాళీ పడిన డ్యూటీలను లెక్కపెట్టండి. మూడు నెలల చార్టు తీసుకోండి. మార్నింగ్‌కి రోజూ నలుగురు చొప్పున తొంభై రోజులకి 360 డ్యూటీలు. అందులో పద్దెనిమిది ఖాళీలు పడ్డాయనుకుందాం, అంటే నూటికి అయిదు. ఇక్కడ ఆగకండి. నైట్ల వరస అయ్యాక ఒక్క ఆఫ్ ఇచ్చి వేసిన మార్నింగ్‌లను విడదీయండి. అవి 60 ఉండి, వాటిలోనే తొమ్మిది ఖాళీలు కనిపిస్తే నూటికి పదిహేను. మిగిలిన 300లో తొమ్మిదంటే నూటికి మూడే. ఇప్పుడు చెప్పండి, తప్పు ఎక్కడుంది? మనం రాసిన చార్టులో ఉంది. నైట్ల తర్వాత రెండు ఆఫ్‌లు ఇచ్చి, మొదటి డ్యూటీ ఈవినింగ్ వేయండి. మనుషులు చాలక అది కుదరకపోతే, స్పేర్ సిస్టరుని అన్ని రోజులకీ పంచకుండా ఆ మార్నింగ్‌లకే పెట్టండి.

ముందే తెలిసిన సెలవుని ఈ లెక్కలో కలపకండి. విజయనగరంలో సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఆ రోజు ఊళ్లోవాళ్లు సెలవడుగుతారని చార్టు రాసేవాళ్లకి తెలీదా? నెల ముందే అడిగి, మార్చుకునేవాళ్లని మార్చుకోనివ్వండి. డయాలసిస్సూ అంతే, సికిల్ సెల్ ఉన్న పిల్లల చెకప్పులూ అంతే. చార్టు రాసేవారికి ఏ రోజు రాలేరో తెలిస్తే చాలు, జబ్బు పేరుతో పనిలేదు.

ముందు వరసలో కూర్చున్న మేనేజ్‌మెంటువారికి ఒక్క విన్నపం. స్కోరు బోర్డు ఉంటే రేపే తీయించండి. ఎవరి సెలవులైనా నిజంగా పెరుగుతుంటే తలుపు మూసి, కూర్చోబెట్టి, 'ఏ డ్యూటీ అయితే నీకు కుదురుతుంది?' అని అడగండి. చార్టు మార్చాక మూడు నెలలకి మళ్లీ లెక్క చూడండి. తొమ్మిది ఖాళీలు ఆరయితే సంబరపడిపోకండి, అది యాదృచ్ఛికం కూడా కావచ్చు. ఇంకో మూడు నెలలు అదే చార్టు నడిపి, అప్పుడు తేల్చండి.