కప్పుకు ఎన్ని గ్రాములు?

శ్రోతలకు నమస్కారం.

టీ పొడి కొనేటప్పుడు కిలో ఎంత పడుతుందో చాలామంది లెక్క వేసుకుంటారు. పొయ్యి దగ్గరికి వచ్చేసరికి ఆ లెక్క మారిపోతుంది. ఒక పొడి కప్పుకు 2 గ్రాములు వేస్తే సరిపోతుంది. ఇంకోటి రెండున్నర వేస్తేగానీ నాలుకకు తగలదు. 250 గ్రాముల ప్యాకెట్ మొదటిదైతే 125 కప్పులకు వస్తుంది, రెండోదైతే 100 కప్పులకే. అంటే మొదటి పొడి పాతిక శాతం ఎక్కువ ఖరీదైనా, కప్పు లెక్కలో రెండూ సమానమే.

మరి మీ పొడి ఎన్ని గ్రాములు అడుగుతుందో ఎలా తెలుస్తుంది? చెంచాతో కొలిస్తే మోసపోతాం. మెత్తటి డస్ట్ టీ చెంచాలో ఒత్తుగా కూర్చుంటుంది, పెద్ద ఆకు టీ వదులుగా ఉంటుంది. చెంచా ఒకటే అయినా బరువు ఒకటి కాదు. అందుకే తూకం వేయాలి. టీ రుచి పోల్చడానికి ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ పద్ధతి ఒకటి ఉంది. 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల పొడి వేసి, మూతపెట్టి, 6 నిమిషాలు ఉంచి వడకట్టాలి. ఇంట్లో త్రాసు అంత సన్నగా చూపించదు కాబట్టి ఒకేసారి నాలుగు కప్పుల నీళ్లకు 8 గ్రాములు వేయండి. రెండు బ్రాండ్లనూ విడివిడిగా ఇలాగే చేసి, పాలు కలపకముందే పక్కపక్కన పెట్టి రుచి చూడండి. పలచగా ఉన్నదాన్ని మళ్లీ 9తో, తర్వాత 10తో చేయండి. రెండూ సమానమైన చోట ఆగి, ఆ గ్రాములను ధరతో హెచ్చించండి. పలచటి పొడిని ఎక్కువసేపు మరిగించి సరిపెట్టొద్దు, వగరు పెరిగి పోలిక చెడిపోతుంది.

కాఫీ దగ్గర మాత్రం రంగును నమ్మకండి. చికోరీ డికాక్షన్‌కు ముదురు రంగు, చిక్కదనం ఇస్తుంది, కానీ అందులో కెఫీన్ ఉండదు. 30 శాతం చికోరీ కలిసిన 100 గ్రాముల పొడిలో కాఫీ 70 గ్రాములే. ఆ రుచే ఇష్టమైతే హాయిగా కొనుక్కోవచ్చు, నాకూ కొంచెం చికోరీ ఉంటేనే బాగుంటుంది. చికోరీ లేని పొడితో ధర పోల్చేటప్పుడు మాత్రం ఆ 70నే లెక్కలోకి తీసుకోవాలి.

ఇక ప్యాకెట్ సైజు. పెద్దది కొంటే పది శాతం ఆదా అనుకుందాం. గ్రైండ్ చేసిన కాఫీ పొడి సీలు తీశాక వారాల్లోనే వాసన కోల్పోతుంది. టీ పొడి గాలి తగలని డబ్బాలో ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. కాఫీ ప్యాకెట్ సగానికి వచ్చాక 10 గ్రాములు వేసే చోట 11 వేస్తున్నామంటే, అప్పటినుంచి ఆ ఆదా కప్పులోనే పోతున్నట్టు. అందుకే మా ఇంట్లో టీ పొడి పెద్ద ప్యాకెట్, కాఫీ పొడి రెండు వారాల్లో అయిపోయేంత చిన్న ప్యాకెట్ తెస్తాం.