చిట్టాలో ఆ 18,000 ఎక్కడ రాయాలి?

(విజయనగరంలో చిన్న వర్తకుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మన ఊళ్లో ఇనుప కడ్డీలు అమ్మే ఒక వ్యాపారి లెక్కలతోనే మొదలుపెడతాను. ఆయన విశాఖపట్నం టోకు వ్యాపారి దగ్గర లక్ష రూపాయల కడ్డీలు కొన్నారు. పన్ను 18 శాతం కాబట్టి బిల్లులో కేంద్ర జీఎస్టీ 9,000, రాష్ట్ర జీఎస్టీ 9,000 కలిపి మొత్తం 1,18,000 అయింది. అదే సరుకును 1,10,000కు, పన్ను అదనంగా వేసి అమ్మారు. నెలాఖరున గుమాస్తా లెక్క కట్టి, ఈ బేరంలో 8,000 నష్టం వచ్చిందన్నాడు. పదివేలు మిగలవలసిన చోట నష్టం ఎలా వచ్చింది?

గుమాస్తా కొనుగోలు ఖాతాలో 1,18,000 రాశాడు. అమ్మకం వైపు మాత్రం పన్ను తీసేసి 1,10,000 రాశాడు. తప్పంతా అక్కడే ఉంది. కట్టిన ఆ 18,000 సరుకు ఖరీదు కాదు, ప్రభుత్వం మనకు ఇవ్వాల్సిన బాకీ. కొనుగోలు ఖాతాలో లక్ష, ఇన్‌పుట్ సీజీఎస్టీ ఖాతాలో 9,000, ఇన్‌పుట్ ఎస్‌జీఎస్టీ ఖాతాలో 9,000 డెబిట్ చేయాలి. 1,18,000 టోకు వ్యాపారి ఖాతాకు క్రెడిట్ చేయాలి. స్థూల లాభం ఉన్నట్టుండి పడిపోయినా, గోదాములో మిగిలిన సరుకు విలువ బిల్లు ధర కంటే పెరిగినట్టు కనిపించినా ముందు ఈ పద్దులే వెతకండి.

ఇక్కడ తమాషా ఏమిటంటే, ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ అని పేరులో క్రెడిట్ ఉన్నా మన ఆవర్జాలో ఈ ఖాతా నిల్వ డెబిట్ వైపే ఉంటుంది. జీఎస్టీ పోర్టల్‌లోని క్రెడిట్ లెడ్జర్‌లో అదే మొత్తం క్రెడిట్‌గా కనిపిస్తుంది. ఒకే బాకీని ఇచ్చేవారూ తీసుకునేవారూ చెరోవైపు రాసుకున్నారంతే. కొత్త గుమాస్తాలను నేను ముందుగా పరీక్షించేది దీనిమీదే.

అమ్మినప్పుడు ఆయన కొనుగోలుదారు నుంచి 9,900 చొప్పున రెండు పన్నులూ వసూలు చేశారు. నెలాఖరున అవుట్‌పుట్ సీజీఎస్టీ 9,900లో ఇన్‌పుట్ 9,000 పోతే 900 మిగిలింది, ఎస్‌జీఎస్టీలోనూ అంతే. చేతినుంచి కట్టేది 1,800. ఆయన సరుకుకు కలిపిన విలువ పదివేలు, దానిమీద 18 శాతం సరిగ్గా అంతే. ఒక్క జాగ్రత్త: సీజీఎస్టీ క్రెడిట్‌తో ఎస్‌జీఎస్టీ బాకీ తీర్చకూడదు, తిరగేసి కూడా కుదరదు. పక్క రాష్ట్రం ఒడిశాలోని రాయగడ నుంచి తెచ్చిన సరుకుమీద పడే ఐజీఎస్టీ క్రెడిట్‌ను ముందు ఐజీఎస్టీకి వాడి, మిగిలినది ఈ రెండింటికీ వాడుకోవచ్చు. 2017 జులైకి ముందు, వ్యాట్ కాలంలో, ఒడిశా నుంచి తెస్తే కట్టిన కేంద్ర అమ్మకపు పన్నుకు క్రెడిట్ దొరికేది కాదు, అది ఖర్చులోనే కలిసేది. పాత గుమాస్తాలకు ఆ అలవాటు ఇంకా పోలేదనుకుంటాను.

ఇంతవరకూ పుస్తకంలో అంతా సాఫీగానే ఉంది. అయితే బిల్లు చేతిలో ఉన్నంత మాత్రాన క్రెడిట్ రాదు. జులైలో అమ్మిన టోకు వ్యాపారి, నెలవారీ రిటర్ను వేసేవారైతే, ఆగస్టు 11లోగా తన అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1లో మన బిల్లు చూపాలి. అప్పుడు 14వ తేదీన, పోర్టల్‌లో మన క్రెడిట్లు చూపే పట్టిక 2బిలో అది కనిపిస్తుంది. 20వ తేదీన మనం పన్ను కట్టే రిటర్ను 3బి వేస్తాం. 2022 జనవరి నుంచి, 2బిలోకి రాని బిల్లుకు క్రెడిట్ తీసుకునే వీలు లేదు. టోకు వ్యాపారి ఆగస్టు 25న రిటర్ను వేశారనుకోండి. మన వ్యాపారి ఆగస్టు 20న 1,800కు బదులు 19,800 కట్టాలి. ఆ 18,000 మరుసటి నెల వస్తుంది, ఎక్కడికీ పోదు, కానీ చేతిలో డబ్బు అంతగా ఆడని చిన్న దుకాణానికి ఆ నెల గడవడమే కష్టం. అందుకే 2బిలో కనిపించని పన్నును ‘రావలసిన ఇన్‌పుట్’ అని వేరే ఖాతాలో ఉంచమంటాను. నెలనెలా ఆ ఖాతా తెరిస్తే ఎవరికి ఫోను చేయాలో తెలిసిపోతుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాటితే ఇక ఆ క్రెడిట్ మనది కాదు. వార్షిక రిటర్ను అంతకుముందే వేసేస్తే గడువు అక్కడికే ముగుస్తుంది.

ఇంకొక్కటి, మన ప్రాంతపు అలవాటుకు సంబంధించినది. సరుకు తెచ్చుకుని, “సంక్రాంతికి ఇస్తానులెండి” అనడం మనకు మామూలే. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సరఫరాదారుకు పన్నుతో సహా డబ్బు చెల్లించకపోతే, తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. సగమే బాకీ ఉంటే ఆ సగానికే. తరువాత డబ్బిస్తే క్రెడిట్ మళ్లీ తీసుకోవచ్చు, వడ్డీ మాత్రం తిరిగి రాదు. మన వ్యాపారి బిల్లు జులై 3 నాటిది. లెక్కపెట్టి చూడండి, 180వ రోజు డిసెంబరు 30. సంక్రాంతి ఇంకా రెండు వారాలు ఉంది. సరుకు దిగిన రోజే ఆ తేదీ బిల్లు వెనుక రాసి పెట్టండి.