గీజర్ ఎలిమెంట్ 27 ఓమ్స్ చూపిస్తోంది, అయినా ఇంట్లో కరెంటు ఎందుకు పోతోంది?

"అన్నా, గీజర్ ఆన్ చేసిన కాసేపటికి ఆర్‌సీసీబీ పడిపోతోంది. మీటర్ పెట్టి చూస్తే ఎలిమెంట్ 27 ఓమ్స్ బాగానే ఉంది. మరి పోయింది ఎలిమెంటా, థర్మోస్టాటా?"

ఎలిమెంటే తమ్ముడూ, దాదాపు ఖాయంగా. ఆర్‌సీసీబీ అంటే కరెంటు దారి తప్పి ఎర్త్‌లోకి కారితే పడిపోయే స్విచ్. మీరు తీసుకున్నది ఒక రీడింగే. ఇంకొకటి తీసుకోవాలి, ప్రాణం కాపాడేది ఆ రెండోదే. పోయిన చలికాలంలో మా అక్క వాళ్లింట్లో అచ్చం ఇదే జరిగింది, 15 లీటర్ల గీజరు, 2000 వాట్లు, అంతా బోరు నీళ్లు. ఆ రోజు ఏం చేశామో అదే వరసలో చెప్తాను.

ముందు కరెంటు సంగతి. గీజర్ స్విచ్ ఆపితే చాలదు, ఎంసీబీ కూడా దించి ప్లగ్ బయటికి లాగేయండి. ప్లగ్ లేకుండా డైరెక్ట్ వైరింగ్ ఉన్న గీజర్ అయితే మూత తీశాక మీటర్‌తో చూడాల్సిందే. ఎర్ర ప్రోబ్ ఓమ్స్, వోల్టులు రాసి ఉన్న రంధ్రంలో ఉందో లేదో ఒకసారి చూసుకోండి. అది 10 ఆంపియర్ల రంధ్రంలో ఉండిపోయి వోల్టేజ్ చూడబోతే నేరుగా షార్ట్ అవుతుంది, చేతిలోనే మంట లేస్తుంది. ఏసీ వోల్టేజ్ పెద్ద రేంజ్‌లో పెట్టి, ముందు కరెంటు ఉన్న ఒక సాకెట్‌లో చూడండి, 230 దగ్గర్లో చూపించాలి. మీటర్ పని చేస్తోందని నమ్మకం కుదిరాక గీజర్ టెర్మినళ్ల దగ్గర ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ, ఫేజ్‌కీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య చూడండి. మూడుచోట్లా సున్నా వస్తేనే చెయ్యి పెట్టండి.

వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకుని, ఎలిమెంట్ రెండు టెర్మినళ్ల నుంచీ వైర్లు ఊడదీయండి. మీటర్ 200 ఓమ్స్‌లో పెట్టి రెండు ప్రోబ్‌లనీ ఒకదానికొకటి తాకిస్తే మాకు 0.4 వచ్చింది, అది ప్రోబ్ వైర్లదే. ఎలిమెంట్ మీద 27.1 వచ్చింది, 0.4 తీసేస్తే 26.7. ఉండాల్సింది ఎంత? 230ని 230తో గుణించి 2000తో భాగిస్తే 26.45. అంటే కాయిల్ తెగలేదు. తెగి ఉంటే మీటర్ మీద OL అని గానీ, ఎడమ చివర ఒక్క 1 అంకె గానీ కనిపించేది, నీళ్లు అసలు వేడెక్కేవే కావు.

ఇక రెండో రీడింగ్. రేంజ్ పెద్దది చేసి, అంటే 2 మెగా ఓమ్స్‌కో 20 మెగా ఓమ్స్‌కో పెట్టి, ఒక ప్రోబ్ ఎలిమెంట్ టెర్మినల్‌కి, రెండోది ఎర్త్ వైరు బిగించిన బోల్టుకి తాకించండి. ప్రోబ్ మొనలకి వేళ్లు తగలకూడదు, తగిలితే మీ ఒంటి రెసిస్టెన్స్ కూడా అందులో కలుస్తుంది. బాగున్న ఎలిమెంట్ అయితే ఇక్కడ OL రావాలి. మాకు 11 కిలో ఓమ్స్ వచ్చింది. 230ని 11,000తో భాగిస్తే సుమారు 21 మిల్లీ ఆంపియర్లు, ఆ కరెంటు గీజర్ బాడీలోకి, అక్కడి నుంచి ఎర్త్‌లోకి కారిపోతోంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 దాటాక ఎప్పుడైనా పడిపోవచ్చు, అందుకే ఒకరోజు వెంటనే, ఒకరోజు పది నిమిషాలకి పడేది. ఎర్త్ సరిగా లేని ఇల్లయితే ఈ కరెంటు నీళ్ల గుండా మనిషిలోకి వెళ్తుంది. వాళ్లింటికి అంతకుముందు వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్ "ఆర్‌సీసీబీ పాడైంది, తీసేసి డైరెక్ట్ ఇస్తా" అన్నాడట. దయచేసి ఎవరూ ఒప్పుకోకండి.

ఒక మాట, మామూలు మీటర్ చిన్న బ్యాటరీతో చూస్తుంది కాబట్టి అన్ని లీకేజీలనూ పట్టుకోలేదు. మీకు ఇక్కడ OL వచ్చినా ఆర్‌సీసీబీ పడుతూనే ఉంటే, 500 వోల్టులు పెట్టి లీకేజీ చూసే మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి, "మీటర్‌లో బాగానే ఉంది కదా" అని వాడేయకండి.

థర్మోస్టాట్ సంగతికి వద్దాం. మీటర్‌ని బజర్ గుర్తు మీద పెట్టి చూస్తే, గీజర్ చల్లగా ఉన్నప్పుడు దాని రెండు టెర్మినళ్ల మధ్య బజర్ మోగాలి. మోగితే బాగున్నట్టేనా? సగమే. అది ఆగుతుందో లేదో కూడా చూడాలి. బయటికి లాగి, నాబ్ 60 దగ్గర పెట్టి, దాని కడ్డీని మాత్రమే 80 డిగ్రీల దాకా కాచిన నీళ్లలో ముంచండి, టెర్మినళ్లు తడవకూడదు. కాసేపటికి టిక్కుమని శబ్దం వచ్చి బజర్ ఆగిపోవాలి, చల్లారాక మళ్లీ మోగాలి. ఎంతసేపైనా మోగుతూనే ఉంటే కాంటాక్టులు అతుక్కుపోయినట్టు, నీళ్లు మరిగిపోయేది ఇలాంటి గీజర్లలోనే. పక్కనే బిళ్లలా ఉండే థర్మల్ కటౌట్ మీద చిన్న బటన్ ఉంటే, అది బయటికి వచ్చి ఉంటే, నొక్కి ఊరుకోకండి. థర్మోస్టాట్ ఆగలేదు కాబట్టే అది ఆపింది. వైరు ముక్కతో కలిపేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

అక్క వాళ్ల థర్మోస్టాట్ టిక్కుమంది కానీ టెర్మినల్ ఒకటి నల్లగా కాలి ఉంది. బజర్ చిన్న కరెంటుకి మోగుతుంది, అక్కడ నడిచేది దాదాపు 8.7 ఆంపియర్లు. అందుకే అదీ మార్చేశాం.

నీళ్లు దించేముందు పూర్తిగా చల్లారనివ్వండి. చల్లనీళ్ల యాంగిల్ కాక్ కట్టేసి, వేడినీళ్ల ట్యాప్ తెరిచి గాలి లోపలికి పోనిచ్చి, కింద చల్లనీళ్ల పైపు విప్పండి. అక్కడ వాల్వ్ బిగించి ఉంటే అది నీళ్లను వెనక్కి రానివ్వదు, దాన్నీ విప్పాలి. ఎలిమెంట్‌ని ట్యాంకుకి బిగించే పళ్లెం, అదే ఫ్లాంజ్, దాని నట్లు తీసి లాగితే ఎలిమెంట్ మీద గుడ్డు పెంకులా సున్నం, ఒకచోట పొర పగిలి కింద రాగి గొట్టం మీద వెంట్రుకంత చీలిక. ఆ సున్నం వేడిని నీళ్లలోకి పోనివ్వదు, గొట్టం మితిమీరి కాలి చీలుతుంది, లోపలి తెల్లపొడి తడిసి కరెంటు బాడీకి తగులుతుంది.

కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకెళ్లి వాట్లు, ఫ్లాంజ్ సైజు, బోల్టు రంధ్రాలు కలిపి చూసి, ఆ రెండు రీడింగులూ షాపులోనే తీసుకోండి. గాస్కెట్ కొత్తదే వేయండి, నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. వైర్లు కలపకముందే నీళ్లు నింపాలి: వేడినీళ్ల ట్యాప్‌లో గాలి ఆగి ధార సాఫీగా వచ్చేదాకా. నీళ్లు లేకుండా ఆన్ చేస్తే కొత్త ఎలిమెంట్ నిమిషాల్లో పోతుంది. ఫ్లాంజ్ దగ్గర టిష్యూ పేపరు అద్ది చూడండి, తడవకపోతే తుడిచి, బాడీకి ఇంకోసారి రీడింగ్ తీసి, వైర్లు గట్టిగా బిగించి, ప్లగ్ ఎర్త్ పిన్‌కీ ట్యాంకుకీ మధ్య ఒక ఓమ్ లోపే ఉందో చూసి, అప్పుడు మూత.

మొదటిసారి వేడెక్కేటప్పుడు ఎవరూ స్నానానికి వెళ్లొద్దు. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి రావడానికి లెక్క ప్రకారం 18 నిమిషాలు. మాకు 21వ నిమిషంలో టిక్కుమని హీటింగ్ లైటు ఆరింది, ఆర్‌సీసీబీ పడలేదు. మీకు అరగంట దాటినా ఆ లైటు ఆరకపోతే ఎంసీబీ దించేసి థర్మోస్టాట్ కడ్డీ దాని గొట్టంలో చివరిదాకా దిగిందో లేదో చూడండి.