లంకలు మునుగుతాయని మావయ్యగారు పెట్టిన ఫార్వర్డుకి ఏం రాయాలి?

"మాది గోదావరి మధ్యలో ఉన్న లంక ఊరండి. ఫ్యామిలీ గ్రూపులో మా పెద్దమావయ్యగారు 'ధవళేశ్వరంలో 175 గేట్లూ ఎత్తేశారు, రేపటికి లంకలన్నీ మునిగిపోతాయి, వెంటనే పదిమందికి పంపండి' అని పెట్టారు. నాకు నమ్మకం కుదరట్లేదు. ఆయన మనసు నొచ్చుకోకుండా ఏం రాయాలి?"

నమస్కారమండి. టైపు చెయ్యడం మొదలుపెట్టే ముందు ఆ మెసేజ్‌లో నిజమెంతో విడదీసి చూడండి. ఎందుకంటే మీ జవాబు ఆ నిజం దగ్గరే మొదలవ్వాలి.

ధవళేశ్వరం దగ్గర గోదావరి మీదున్న కాటన్ బ్యారేజీకి 175 గేట్లు ఉన్న మాట నిజమే. వరద రోజుల్లో వాటిని ఎత్తడమూ నిజమే. అది నీళ్లు దాచుకునే పెద్ద డ్యామ్ కాదు, కాలవలకి నీళ్లు మళ్లించే బ్యారేజీ. పైనుంచి వరద వస్తే వచ్చినదాన్ని వచ్చినట్టు సముద్రంలోకి వదలాల్సిందే. కాబట్టి గేట్లెత్తడం వానాకాలంలో మామూలుగా జరిగే పని. లంకలకి ముప్పుందో లేదో గేట్లు చెప్పవు, నీటిమట్టం చెబుతుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ప్రవాహం లెక్కలో ఇవి సుమారు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. మావయ్యగారి మెసేజ్‌లో అడుగులూ లేవు, క్యూసెక్కులూ లేవు, తేదీ కూడా లేదు. ఉన్నదల్లా "రేపు" అన్న మాట. ఆ ఒక్క మాట ఉంటే చాలు, ఎప్పుడో 2022 జులై వరదల నాటి మెసేజ్ కూడా ఇవాళ్టిదిలాగే కనిపిస్తుంది.

మెసేజ్ పైన రెండు బాణాల గుర్తుతో "Forwarded many times" అని ఉందేమో చూడండి. ఉంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని అర్థం. అబద్ధమని మాత్రం అర్థం కాదు. మొదట రాసినవాళ్లెవరో మావయ్యగారికీ తెలీదని మాత్రమే అది చెబుతుంది. మీ జవాబుకి ఇది చాలా ఉపయోగం, తప్పుని ఆయన మీద కాకుండా మెసేజ్ పాతదనం మీద పెట్టొచ్చు.

తర్వాత ఇవాళ్టి మట్టం తెలుసుకోండి. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ వరద రోజుల్లో ధవళేశ్వరం అంకెల్ని టైముతో సహా పెడుతుంది. ఆ అంకె, ఆ టైము రెండూ రాసుకోండి. ఉదయం 9 గంటలకి 10.6 అడుగులు ఉందనుకుందాం. అంటే మొదటి హెచ్చరిక కంటే తక్కువే.

ఇప్పుడు జవాబు ఎక్కడ పెట్టాలన్నది. గ్రూపులో వద్దు. అక్కడ ఆయన అల్లుళ్లున్నారు, కోడళ్లున్నారు, వియ్యంకులూ ఉండొచ్చు. పదిమందిలో పెద్దాయన మాట తీసేసినట్టవుతుంది. మెసేజ్ మీద వేలు నొక్కిపెట్టి, మెనూలో "Reply privately" నొక్కితే ఆ మెసేజ్‌తో సహా ఆయనొక్కరి చాట్ తెరుచుకుంటుంది. అంతకంటే ఫోను చెయ్యడం మేలు. వరద కబురు కాబట్టి సాయంత్రం దాకా ఆగొద్దు, ఈలోపు ఇంకో నాలుగు గ్రూపులకి వెళ్లిపోతుంది. మీరు గ్రూపు అడ్మినైనా సరే, ఆ మెసేజ్ మాత్రం తీసెయ్యకండి. అడ్మిన్ తొలగించారని మీ పేరుతో సహా అందరికీ కనిపిస్తుంది. పదిమందిలో చెప్పడం కన్నా అది ఎక్కువ గుచ్చుకుంటుంది.

మామూలుగా అందరూ రాసేది ఇలా ఉంటుంది: "మావయ్యా, ఇది ఫేక్. పంపేముందు చెక్ చేసుకోండి." ఇందులో సమాచారం ఏమీ లేదు, మందలింపు మాత్రమే ఉంది. లంకలో బతికిన మనిషి వరదని చూసినవాడు. 1986 ఆగస్టులో సామాన్లెత్తుకుని ఏటిగట్టు ఎక్కినవాళ్లు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నారు. ఆయన ఆ మెసేజ్ పంపింది మనవాళ్లు జాగ్రత్తపడతారనే. ఆ జాగ్రత్తని ఫేక్ అంటే ఆయనకి కోపం రావడం న్యాయమే. మాటేమీ రాయకుండా ఒక లింకు పడేసినా అంతే, ఆ లింకు తెరవరు కూడా.

ఇలా రాసి చూడండి:

"నమస్కారం మావయ్యగారూ. మీ మెసేజ్ చూశానండి, గేట్లు ఎత్తిన మాట నిజమే. మన లంక సంగతేంటోనని ఇప్పుడే కనుక్కున్నాను. ఉదయం 9 గంటలకి ధవళేశ్వరంలో 10.6 అడుగులుందటండి, మొదటి హెచ్చరిక 11.75కి కదా. ఈ మెసేజ్ మీద తేదీ లేదు, పాత వరదప్పటిది మళ్లీ తిరుగుతున్నట్టుంది. మళ్లీ సాయంత్రం ఆరింటికి చూసి చెబుతాను. 86లో మన రేవు దగ్గర నీళ్లు ఎంతవరకు వచ్చాయండి?"

చివరి ప్రశ్న మొహమాటానికి పెట్టింది కాదు. ఏ వీధి ముందు మునుగుతుందో, పశువుల్ని ఎటు తోలాలో ఆయనకి నిజంగా తెలుసు. మీకది కావాలి కూడా. "అబద్ధం" అన్న చోట "పాతదిలా ఉంది" అన్నాం, "మీరు" అన్న చోట "ఈ మెసేజ్" అన్నాం. మార్పంతా అందులోనే ఉంది.

రాయకూడని మాట ఒకటుంది: "ఏమీ కాదు, భయపడకండి." భద్రాచలం దగ్గర పెరిగిన నీళ్లు మన దగ్గరికి దిగడానికి రమారమి ఒక రోజు పడుతుంది. పొద్దున తక్కువుందని రేపు కూడా తక్కువే ఉంటుందని చెప్పలేం. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకి, రెండోది 48కి, మూడోది 53కి. అక్కడ పెరుగుతోందంటే ఆ మాట కూడా జవాబులో రాయండి. పల్లపు లంకల్లో కాజ్‌వేల మీదికి నీళ్లు ముందే వచ్చేస్తాయి. అందుకే జవాబులో టైము ఉండాలి, మళ్లీ ఎప్పుడు చూస్తారో కూడా ఉండాలి.

"నాకు పంపింది ఇరిగేషన్‌లో పనిచేసే కుర్రాడేరా" అని ఆయన అంటే వాదించకండి. "అయితే మరీ మంచిదండి, ఇది ఏ రోజుదో, ఇప్పుడు ఎన్ని అడుగులుందో ఆయన్నే అడుగుదాం" అనండి. ఆ కుర్రాడికీ ఎవరో పంపే ఉంటారు, ఒక్క ఫోనుతో అక్కడే తేలిపోతుంది.

ఈలోగా గ్రూపులో ఆ మెసేజ్ కింద బొటనవేలు, దణ్ణం బొమ్మలు పెట్టకండి. మీరు మర్యాదకి పెట్టినా చూసినవాళ్లు నిజమని ఒప్పుకున్నట్టే తీసుకుంటారు. బావమరుదులెవరైనా ఎగతాళి మొదలుపెడితే వాళ్లకీ విడిగానే చెప్పండి.

దేవుడి పేరుతో వచ్చే "పదకొండుమందికి పంపితే శుభం" మెసేజ్‌లకి ఇంత పని అక్కర్లేదు. "మీ ఆశీర్వాదం అందిందండి" అని రాసి ఊరుకోవచ్చు. అందులో ఆశీర్వాదానికే జవాబు, పంపమన్న మాటకి కాదు.

మావయ్యగారు ఒప్పుకున్నాక గ్రూపులో సరిదిద్దే మాట మీరు రాయకండి, ఆయన చేతే రాయించండి. "మీరు పెడితేనే అందరూ వింటారండి" అని, కాపీ చేసుకోడానికి వీలుగా రెండు లైన్లు పంపండి: "పొద్దున పెట్టింది పాత మెసేజ్. ఉదయం 9కి ధవళేశ్వరంలో 10.6 అడుగులు, సాయంత్రం మళ్లీ చెబుతాను." ఆయన అది పెట్టాక గ్రూపులో మీరు రాయాల్సింది ఇంతే: "మంచిదండి మావయ్యగారూ, ఇక్కడ అందరం కనిపెట్టుకుని ఉన్నాం."