ప్లగ్ పెట్టినా చార్జింగ్ ఎక్కట్లేదా? 650 రూపాయల లాప్‌టాప్ చార్జర్ రివ్యూ

నమస్తే అందరికీ, నల్లగొండ నుంచి మాట్లాడుతున్నా. టేబుల్ మీద మూడు చార్జర్లు కనిపిస్తున్నాయి కదా. ఇది లాప్‌టాప్‌తో పాటు వచ్చిన పాతది. ఇది మొన్న క్లాక్ టవర్ సెంటర్ దగ్గర 650కి కొన్నది. ఇది తర్వాత 1,450 పెట్టి కొన్నది. మూడింటి మీదా రాసింది ఒకటే, 19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు, అంటే 65 వాట్లు. మీటరు పెడితే మూడూ 19.5 దగ్గరే చూపిస్తున్నాయి. కానీ ఈ లాప్‌టాప్‌ను చార్జ్ చేసేది ఒక్కటే. ఎందుకో చూద్దాం.

లాప్‌టాప్ మా అక్క బిడ్డది, బీటెక్ చదువుతోంది. "మామా, ప్లగ్ పెట్టినా 31 దగ్గరే ఆగింది" అని తెచ్చింది. కింద మూలన బ్యాటరీ బొమ్మ మీద మౌస్ పెడితే `Plugged in, not charging` అని వస్తోంది. అప్పటికే ఎవరో చెప్పారని 2,200 పెట్టి కొత్త బ్యాటరీ వేయించింది. దాంతోనూ అదే తంతు. ఇంకో షాపులో "బోర్డు పోయింది, 9 వేలవుతుంది" అన్నారట. పిల్ల మొహం చూడాలి అప్పుడు.

నేను మొదట చూసేది ఎంత శాతం దగ్గర ఆగిందన్నది. సరిగ్గా 60 దగ్గరో, 80 దగ్గరో ఆగితే మాత్రం పానా తీయకండి. బ్యాటరీ ఎక్కువ కాలం రావాలని కంపెనీ యాప్‌లోనో, విండోస్ కంటే ముందు తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లోనో పెట్టిన పరిమితి అది, తీసేస్తే 100కి పోతుంది. 95 పైన ఆగినా చాలా లాప్‌టాప్‌లలో మామూలే. ఇక విండోస్‌లో ఉండే పవర్ ప్లాన్ మార్చి చార్జింగ్ రప్పిస్తామనే వీడియోలున్నాయి చూడండి, వాటితో నాకు పేచీ. చార్జింగ్ ఎక్కించాలా వద్దా అన్నది విండోస్ కాదు, బోర్డు మీద ఉండే చిన్న కంట్రోలర్ చిప్పు చూసుకుంటుంది. అనుమానం ఉంటే లాప్‌టాప్ పూర్తిగా ఆపేసి గంటసేపు ప్లగ్‌లో పెట్టండి. ఆపినప్పుడూ ఎక్కకపోతే విండోస్ తప్పు లేనట్టే. మాది రాత్రంతా పెట్టినా పొద్దున 31కి 31. చార్జర్ తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కిపట్టి కంట్రోలర్‌ను రీసెట్ చేసి చూశా. అప్పుడూ అంతే.

ఇప్పుడు బ్యాటరీ. పాతది, కొత్తది రెండూ వేసినా ఒకేలా మొండికేస్తోందంటే బ్యాటరీ మీద అనుమానం దాదాపు పోయినట్టే. ఆ 2,200 ఖర్చుకు ఈ ఒక్క రుజువైనా దక్కింది. పాత బ్యాటరీ మళ్లీ బిగించి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టా:

```
powercfg /batteryreport
```

వచ్చిన ఫైల్ తెరిస్తే `DESIGN CAPACITY` 42,000, `FULL CHARGE CAPACITY` 30,400 అని ఉంది. అంటే కొత్తలో ఉన్న బలంలో 72 శాతం ఇంకా ఉంది. ఇలా అరిగిన బ్యాటరీ తొందరగా దిగిపోతుందే గాని, 31 దగ్గర మొండికేసి కూర్చోదు.

బ్యాటరీ విషయంలో మన ఊరి సంగతి ఒకటుంది. లిథియం బ్యాటరీ సుమారు 45 డిగ్రీలు దాటి వేడెక్కితే చార్జింగ్ దానంతటదే ఆగిపోతుంది, లోపల దానికోసమే సెన్సర్ ఉంటుంది. మే నెలలో రేకుల గదిలో, పరుపు మీద పెట్టి వాడితే అక్కడిదాకా పోవడం పెద్ద కష్టం కాదు. చల్లబడ్డాక దానంతటదే ఎక్కితే అది రోగం కాదు. టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బితే మాత్రం చార్జింగ్ పెట్టడం మానేసి, బ్యాటరీ తీయించేయండి.

మిగిలింది చార్జర్, బోర్డు. అసలు కథ ఇక్కడే ఉంది, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ప్లగ్గు లోపల మధ్యలో సూదిలాంటి పిన్ను కనిపిస్తోందా? కరెంటు ఆ పిన్నులో రాదు. గొట్టం లోపలి గోడ ప్లస్సు, బయటి గోడ మైనస్సు. మీటరు పుల్లలు ఆ రెండింటికే పెట్టాలి, సూదికి తగలనీయొద్దు. ఈ సూది పని మాట్లాడడం. "నువ్వెన్ని వాట్లు?" అని లాప్‌టాప్ అడుగుతుంది, చార్జర్ లోపలి చిన్న చిప్పు "65" అని జవాబిస్తుంది. జవాబు రాకపోతే లాప్‌టాప్ చార్జర్‌ను నమ్మదు. తను నడవడానికి కావలసినంత కరెంటు తీసుకుంటుంది, బ్యాటరీకి మాత్రం పంపదు, ప్రాసెసర్‌ను కూడా నెమ్మది చేస్తుంది. అక్క బిడ్డను అడిగితే "అవును మామా, ఈ మధ్య క్రోమ్ తెరవడానికే నిమిషం పడుతోంది" అంది. వైరస్ అనుకుందట.

ఆన్ చేయగానే F2 నొక్కి బయోస్‌లోకి వెళ్లా. అడాప్టర్ అన్న చోట `Unknown` అని ఉంది. పాత చార్జర్ వైరును ప్లగ్గు మొదట్లో కొంచెం వంచితే ఒక్క క్షణం `65W` వచ్చింది, వదిలితే మళ్లీ పోయింది.

సరే, వైరే అనుకుని 650ది కొన్నా. పెడితే మళ్లీ `Unknown`! నిజం చెప్తున్నా, అప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది, షాపువాళ్లు చెప్పింది నిజమేమో, జాక్ గాని బోర్డు గాని పోయిందేమో అనుకున్నా. తర్వాత అదే మోడల్ ఉన్న తన క్లాస్‌మేట్ చార్జర్ అడిగి తెప్పించా. పెట్టగానే `65W`, అయిదు నిమిషాల్లో 31 కాస్తా 33. లాప్‌టాప్‌లో తప్పే లేదు. 650 చార్జర్‌కు సూది ఉంది గాని, అది చెప్పే జవాబు ఈ లాప్‌టాప్‌కు అర్థమయ్యేది కాదు. మంచి చార్జర్ అని నమ్మి దానితో పరీక్ష చేస్తే బోర్డు మీద నింద పడుతుంది, 9 వేలు పోతాయి.

అందుకే మూడోది కొనేటప్పుడు లాప్‌టాప్ షాపుకే తీసుకుపోయా. కౌంటర్ మీద పెట్టి, బయోస్‌లో `65W` చూశాకే 1,450 ఇచ్చా. దీని మీద బీఐఎస్ గుర్తు, R- తో మొదలయ్యే నంబరు ఉన్నాయి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. 650 దాని మీద అవేవీ లేవు, చేతిలో పట్టుకుంటే గుల్లగా తేలిగ్గా ఉంది, అరగంటకే చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. నేనైతే కొనొద్దంటాను, 300కి ఇచ్చినా సరే.

ఒకవేళ మీకు బయోస్‌లో వాట్లు సరిగ్గా కనిపించి, మంచి బ్యాటరీ వేసినా ఎక్కకపోతే, అప్పుడే చార్జింగ్ సర్క్యూట్. అది చిప్ లెవెల్ చేసేవాళ్ల పని, ఇంట్లో ముట్టుకోవద్దు. నమ్మకమైన చార్జర్‌తోనూ `Unknown` వస్తే ముందు జాక్ చూపించండి. ఈ మోడల్‌లో జాక్ చిన్న వైరుతో విడిగా ఉంటుంది, బోర్డు కదిలించకుండానే మార్చొచ్చు.

పాత చార్జర్ వైరు ప్లగ్గు దగ్గర కోసి చూపిస్తా, ఆగండి. కరెంటు మోసేవి రెండూ బాగున్నాయి. మధ్యలో ఈ సన్నని తీగ చూడండి, పైన తొడుగు చెక్కుచెదరలేదు, లోపల రాగి మాత్రం తెగి నల్లబడింది. చార్జర్‌ను రోజూ బ్యాగులో చుట్టి కుక్కేటప్పుడు వంగేది సరిగ్గా ఇక్కడే.