సిగరెట్ వాసన పట్టిన గది: కిటికీ తెరిచినా ఎందుకు పోదు, మరి ఎలా పోతుంది

నమస్తే అండీ. ఇప్పుడు మీరు చూస్తున్నది విజయనగరంలో మా పిన్ని వాళ్ల మేడ మీద గది. పదడుగులు బై పన్నెండడుగులు, ఒకటే కిటికీ, దానికి ఎదురుగా తలుపు. ఇంతకుముందు అద్దెకున్నాయన లోపలే సిగరెట్లు కాల్చేవారు, ఆయన ఖాళీ చేశాక వానాకాలమంతా గది మూసే ఉంచారు. పిన్ని రోజంతా కిటికీ తెరిచి అగరబత్తి వెలిగిస్తే సాయంత్రానికి బాగానే ఉంటుంది, రాత్రి తలుపేసి పొద్దున్నే తీస్తే మళ్లీ గుప్పుమంటోంది.

ఎందుకంటే వాసన గాలిలో కన్నా వస్తువుల మీద ఎక్కువ ఉంటుంది. పొగలోని నికోటిన్, తారు గోడకీ కర్టెన్‌కీ ఫ్యాన్ రెక్కలకీ జిగటగా పట్టేసి, అక్కడి నుంచి మెల్లగా మళ్లీ గాలిలోకి వస్తూ ఉంటాయి. మనకి సముద్రం దగ్గరే కదా, తేమ పెరిగిన రోజు వాసన ఇంకా లేస్తుంది. ఇదిగో, తడిపిన తెల్లగుడ్డతో గోడ తుడిచాను, చూడండి, ఈ పసుపంతా అదే. ఇది ఉన్నంతకాలం మీరు ఏ స్ప్రే కొట్టినా ఆ రెండు వాసనలూ కలిసి తలనొప్పి తప్ప ఇంకేం రాదు.

ముందు కర్టెన్లు తీసేయండి. బకెట్ గోరువెచ్చని నీళ్లలో మామూలు డిటర్జెంటు, గుప్పెడు వంటసోడా వేసి ఓ గంట నానబెట్టండి. నీళ్లు టీ డికాక్షన్ రంగుకి వస్తాయి, అవి పారబోసి మళ్లీ నానబెట్టండి, రంగు దిగడం తగ్గేదాకా. ఆఖరి జాడింపు నీళ్లలో అర కప్పు తెల్ల వెనిగర్ వేస్తే మిగిలిన నికోటిన్ నీళ్లలోకి దిగిపోతుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నాను, వెనిగర్ ఉన్న నీళ్లలో బ్లీచింగ్ వేయకండి, విషవాయువు వస్తుంది. వెలుతురు రాకుండా వెనక రబ్బరు పూత ఉండే కర్టెన్లయితే వేడినీళ్లు వద్దు, పిండొద్దు, పూత ఊడిపోతుంది. ఆరాక ఇస్త్రీ పెట్టి చూడండి, వేడికి వాసన లేచిందంటే ఇంకోసారి ఉతకాల్సిందే.

ఇక గోడ. ఇక్కడ మీ గోడకి వేసింది ఏంటో తెలుసుకోవాలి. ఎమల్షన్ పెయింట్ అయితే కడగొచ్చు: బకెట్ నీళ్లకి గుప్పెడు చాకలి సోడా, కొంచెం డిటర్జెంటు, చేతికి గ్లవ్స్. కింద నుంచి పైకి తుడుచుకుంటూ వెళ్లండి, పై నుంచి మొదలుపెడితే పసుపు చారలు పొడిగోడ మీద కారి అక్కడే ఉండిపోతాయి. తర్వాత మంచినీళ్లతో ఓసారి. స్విచ్ బోర్డుల దగ్గర మెయిన్ ఆపేసి, బాగా పిండిన గుడ్డతోనే తుడవండి. సీలింగ్, ఫ్యాన్ రెక్కలు మర్చిపోకండి, పొగ పైకే కదా పోయేది. సున్నం గోడ మాత్రం కడిగితే కరిగిపోతుంది, దాన్ని గీకి కొత్త సున్నం వేయించాలి. కడిగినా మరక పోకపోతే పెయింటర్‌ని ముందు ఆయిల్ ప్రైమర్ కొట్టమనండి, లేకపోతే కొత్త పెయింట్ లోంచి కూడా ఆ పసుపు పైకి వచ్చేస్తుంది.

ఇదంతా అయ్యాకే గాలి పని. మధ్యాహ్నం ఎండవేళ రెండు గంటలు గది మూసేయండి, వేడికి మిగిలింది గాలిలోకి వస్తుంది. అప్పుడు టేబుల్ ఫ్యాన్ కిటికీలో పెట్టండి, ముఖం బయటికి. చుట్టూ ఖాళీలు అట్టతో మూసి, ఎదుటి తలుపు కొంచెం తెరవండి. ఫ్యాన్ లోపలికి తిప్పారంటే ఆ వాసనని ఇల్లంతా మీరే పంచినట్టు. సీలింగ్ ఫ్యాన్ ఒక్కటే వేస్తే అదే గాలి అక్కడే తిరుగుతుంది, బయటికి పోదు. నాలుగైదు రోజులు ఇలా చేయండి.

చివర్లో యాక్టివేటెడ్ చార్కోల్, అక్వేరియం షాపుల్లో గింజల్లా దొరుకుతుంది. ఈ గదికి కిలో తీసుకుని వెడల్పు పళ్లేల్లో పలచగా పరిచి, తలుపు కిటికీ మూసి, ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. కిటికీ తెరిచి పెడితే అది బయటి గాలిని శుభ్రం చేస్తూ కూర్చుంటుంది, మనకేం లాభం. తేమకి దాని బలం కూడా తగ్గుతుంది, కాబట్టి వాన రోజుల్లో వద్దు. పొయ్యి బొగ్గు దీని ముందు చాలా తక్కువ పీలుస్తుంది. గిన్నెలో వంటసోడా పెట్టడం కన్నా పరుపు మీద చల్లి, రాత్రంతా ఉంచి, వ్యాక్యూమ్‌తో లాగేయడం మేలు.

పోయిందో లేదో మీ ముక్కుని నమ్మకండి, అది అలవాటు పడిపోయి ఉంటుంది. రాత్రంతా గది మూసి, పొద్దున్నే బయటి నుంచి వచ్చిన వాళ్లని ముందు పంపండి. వాళ్లకి వాసన తగిలితే తెల్లగుడ్డ తడిపి తలుపు వెనక, కర్టెన్ రాడ్, అల్మారా పైభాగం తుడవండి, పసుపు ఎక్కడ అంటితే అక్కడ మళ్లీ కడగండి.