గేమ్ పాస్ చౌకా, గేమ్ కొనుక్కోవడం చౌకా? ఏడాది లెక్క

"ఒక్క గేమ్ రేటుకే వందల గేములు వస్తుంటే కొనడం ఎందుకు బ్రో?" గేమ్ పాస్, అంటే నెలనెలా డబ్బు కట్టి కేటలాగ్‌లోని గేములు ఆడుకునే ఎక్స్‌బాక్స్ సబ్‌స్క్రిప్షన్ గురించి నా ప్రతి వీడియో కింద ఇదే కామెంట్. కేటలాగ్‌లో ఎన్ని ఉన్నాయో కాదు, అందులో నువ్వు నిజంగా డబ్బు పెట్టి కొనేవి ఎన్నో చెప్పు.

గేమ్ పాస్‌ని నెలవారీ మెస్ అనుకోండి. పండక్కి ఊరెళ్లినా డబ్బు కట్టాల్సిందే. ముప్పై కూరలున్నా మనం తినేది రెండే.

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎక్కువగా అడుగుతున్నారు కాబట్టి డాలర్లలోనే చెప్తా. 2025 అక్టోబరులో రేట్లు పెరిగినప్పుడు అక్కడ గేమ్ పాస్‌లో పెద్ద ప్లాన్ అల్టిమేట్ నెలకు దాదాపు 30 అయింది. ఆ రేటున ఏడాదికి 360.

[తెరపై: 30 × 12 = 360]

కొత్త పెద్ద గేమ్ 70. అంటే ఆ రేటుకి రిలీజ్ రోజే కొనేవి ఏడాదికి ఐదు దాటితేనే సబ్‌స్క్రిప్షన్ గిట్టుబాటు, అదీ ఆ గేములన్నీ కేటలాగ్‌లోకి వస్తేనే. సేల్ దాకా ఆగి 25కి కొనేవాళ్లకైతే 360తో పద్నాలుగు వస్తాయి. ఏడాదిలో పద్నాలుగు గేములు పూర్తి చేసే ఉద్యోగస్తుణ్ణి నేనైతే చూడలేదు!

ఇప్పుడు కాల్ ఆఫ్ డ్యూటీ బ్లాక్ ఆప్స్ 7 తీసుకుందాం. రిలీజ్ రోజే అల్టిమేట్‌లోకి వచ్చింది. క్యాంపెయిన్ అనే కథ భాగం మాత్రమే కావాలంటే ఒక నెల కట్టి, ఆడేసి, ఆపేయండి. ఆ రేటుకి 70 బదులు 30తో అయిపోయేది. మెస్‌లో ఒక్క నెల తిని మానేసినట్టు.

అదే గేమ్‌లో ఏడాదంతా మల్టీప్లేయర్ ఆడేవాడి లెక్క వేరు. పీసీలో అయితే 70 పెట్టి కొంటే చాలు. ఎక్స్‌బాక్స్‌లో ఆన్‌లైన్ ఆడాలంటే ఎలాగూ ప్లాన్ ఉండాలి, దీన్నే అందరూ మర్చిపోతారు. అన్నిట్లో చిన్నది ఎసెన్షియల్, నెలకు 10. ఏడాదికి 120, గేమ్ 70, మొత్తం 190. అయినా 360 కంటే చాలా తక్కువే. రోజూ పప్పే తినేవాడికి మెస్ ఎందుకండీ?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. మెనూ మెస్ ఓనర్ చేతిలో ఉంటుంది. జీటీఏ 5 గేమ్ పాస్‌లోకి ఎన్నిసార్లు వచ్చి వెళ్లిందో తెలిసిందే కదా. అందుకే పెద్ద గేమ్ మొదలుపెట్టే ముందు "త్వరలో వెళ్లిపోయేవి" లిస్ట్ చూడండి. గేమ్ వెళ్లిపోయినా మీ సేవ్ ఉంటుంది. కానీ డబ్బు పెట్టి కొన్న డీఎల్‌సీ, అంటే గేమ్‌కి అదనపు భాగాలు, ఆడాలంటే అసలు గేమ్ కొనాల్సిందే. వెళ్లిపోయేలోపే కొంటే సభ్యులకు సాధారణంగా డిస్కౌంట్ కూడా ఉంటుంది.

ఇంకొకటి, నెల కట్టిన రోజే ఆటో రెన్యువల్ ఆఫ్ చేసేయండి. కట్టిన నెల పూర్తయ్యేదాకా ఆడుకోవచ్చు, ఏమీ పోదు.